వేరుశనగ వ్యాసం ఒకటి, ఫొటోలు ఆరు: హెడర్ బొమ్మ ఎలా ఎంచుకోవాలి?

తొలకరికి ముందు అనంతపురం జిల్లా రైతులు చదవడానికి ఒక వ్యాసం సిద్ధమైందనుకుందాం. శీర్షిక "వేరుశనగ విత్తనశుద్ధి: విత్తే ముందు ఏం చేయాలి?". రాత పని అయిపోయింది, పైన పెట్టే ఫొటో ఒక్కటే మిగిలింది. పెక్సెల్స్, అన్‌స్ప్లాష్ లాంటి స్టాక్ ఫొటో సైట్లలో `peanut seeds hand`, `groundnut farm India`, `red soil farmer` అని వెతికితే పనికొచ్చేలా కనిపించే ఫొటోలు ఆరు దొరికాయి. అవి ఇవీ.

మొదటిది బీటలు వారిన నేల, కుడివైపు ఒక చిన్న పచ్చని మొలక. రెండోది ఎర్రమట్టి మీదుగా చాచిన దోసిలి, దాని నిండా వొలిచిన గింజలు. మూడోది చెక్కబల్ల మీద తెల్ల గిన్నెలో వేయించిన పల్లీలు. నాలుగోది చేలో కలుపు తీస్తున్న ఆడమనిషి, వెనక పెద్ద ఆకాశం. ఐదోది దగ్గర నుంచి తీసిన పచ్చని పైరు. ఆరోది మార్కెట్ యార్డులో పేర్చిన సంచులు.

ఆరూ బాగానే ఉన్నాయి. చిక్కంతా అక్కడే ఉంది. "ఏది అందంగా ఉంది?" అని అడిగితే ఆరుగురు ఆరు రకాలుగా చెబుతారు. అందుకే ఆ ప్రశ్నను పక్కన పెట్టి, ఒక్కో ఫొటోను ఒక వరుసలో పరీక్షిద్దాం. తప్పిన దాన్ని తీసేసుకుంటూ పోతే చివరికి ఒకటో రెండో మిగులుతాయి.

వెతకడానికి ముందే: శీర్షికను ఖాయం చేసి, చట్రం గీసుకోండి

చాలామంది ముందు ఫొటో ఎంచుకుని, తర్వాత దాని మీద శీర్షికను ఇరికిస్తారు. ఇంగ్లీషులో అయితే అది కొంతవరకు నడుస్తుందేమో, తెలుగులో నడవదు. మన అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద వత్తు ఉంటుంది. రెండు వరుసలు దగ్గరగా పెడితే పై వరుసలోని వత్తు కింది వరుసలోని గుడికి తగులుతుంది. మన శీర్షికే చూడండి. పై వరుస "విత్తనశుద్ధి"లో రెండు వత్తులు, దాని కింద "విత్తే" మీద గుడి. అందుకే వరుస ఎత్తు అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లయినా ఉండాలి.

లెక్క వేసి చూద్దాం. చట్రం 1600×900 పిక్సెళ్లు. శీర్షిక సైజు 64 పిక్సెళ్లు. "వేరుశనగ విత్తనశుద్ధి:" ఒక వరుస, "విత్తే ముందు" ఒక వరుస, "ఏం చేయాలి?" ఒక వరుస. మూడు వరుసలకూ ఎత్తు 64 × 1.5 × 3, అంటే 288 పిక్సెళ్లు. అన్నిటికన్నా పొడవైన మొదటి వరుస చాలా ఫాంట్లలో 500 నుంచి 600 పిక్సెళ్ల దాకా తీసుకుంటుంది. అంచున కొంత వదిలితే, ఫొటోలో ఎడమవైపు సుమారు 720 పిక్సెళ్ల వెడల్పున, అంటే చట్రంలో 45 శాతం మేర, ప్రశాంతమైన చోటు కావాలి. మనం వెతికేది ఈ కొలతకు సరిపడే ఫొటో.

కంప్యూటర్‌లో ఖాళీ చట్రం ఒకటి తెరిచి, అసలు శీర్షికను అసలు ఫాంట్‌లో టైపు చేసి, ఆరు ఫొటోలనూ ఒక్కొక్కటిగా దాని వెనక పెట్టి చూడండి. "ఇక్కడ శీర్షిక వస్తుంది" అని మనసులో ఊహించుకుని ఎంచుకుంటే ప్రతి ఫొటోలోనూ చోటు ఉన్నట్టే కనిపిస్తుంది.

మొదటి వడపోత: ఫొటోలో ఉన్నది అదేనా?

కూర్పు చూడకముందే చేయాల్సిన పని ఇది. స్టాక్ సైట్లలో పేర్లు పెట్టేది ఫొటో తీసినవాళ్లే, తప్పులు దొర్లుతుంటాయి. మన ఐదో ఫొటో కింద "వేరుశనగ చేను" అని అర్థం వచ్చే పేరుంది. పెద్దది చేసి ఆకులు లెక్కపెట్టండి. వేరుశనగ ఆకుకు నాలుగు చిట్టి ఆకులు ఉంటాయి, రెండు జతలుగా. ఈ ఫొటోలో ఒక్కో కాడకు మూడే ఉన్నాయి. సోయా మొక్కకు మూడు ఉంటాయి. ఇలాంటిది మనం గమనించకపోయినా, చదివే రైతు ఒక్క చూపులో పట్టేస్తాడు. "ఇది మన చెనక్కాయ కాదు లేప్పా" అని కిందికి జరపకుండానే మూసేస్తాడు. విత్తనం గురించి చెప్పేవాడికి మొక్కే తెలియదని తేలాక లోపల రాసింది ఎంత మంచిదైతే ఏం లాభం?

మొదటి ఫొటోలోనూ ఇలాంటి ఇబ్బందే ఉంది. పలకలు పలకలుగా బీటలు వారేది బంకమట్టి ఎక్కువగా ఉన్న నేల, ఎండిపోయిన చెరువు అడుగు, నల్లరేగడి లాంటివి. అనంతపురంలో వేరుశనగ ఎక్కువగా పండేది ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రనేలలో. అది ఎండినా ఆ తీరున పగలదు. రాయలసీమ అన్న మాట ఎక్కడ కనిపించినా ఈ బీటల ఫొటోనే తగిలించడం ఒక అలవాటుగా మారిపోయింది. నా మట్టుకు నాకు అది చూస్తేనే విసుగు. అయినా దాన్ని ఇప్పుడే తీసేయకుండా తర్వాతి పరీక్షలకు కూడా ఉంచుదాం, అందులో నేర్చుకోవాల్సింది ఒకటుంది.

ఐదోది పోయింది. ఐదు మిగిలాయి.

రెండో వడపోత: కన్ను ఎక్కడ ఆగుతోంది?

ఫొటోను బొటనవేలి గోరంత చిన్నది చేయండి. రెండు క్షణాలు చూసి, కళ్లు పక్కకు తిప్పండి. ఏం గుర్తుంది? ఒకే వస్తువు గుర్తుంటే ఆ ఫొటోకు కేంద్రం ఉన్నట్టు. రెండు మూడు గుర్తొచ్చినా, ఏమీ గుర్తుకు రాకపోయినా లేనట్టే. కళ్లు సగం మూసి చూడడం కూడా ఇలాంటి పరీక్షే. వివరాలు పోయి, వెలుగు ముద్దలు, చీకటి ముద్దలు మాత్రమే మిగులుతాయి. అప్పుడు ఏ ముద్ద ముందుకొస్తుందో కన్ను మొదట అక్కడికే పోతుంది.

కన్నును లాగేవాటికి ఒక క్రమం ఉందని గుర్తు పెట్టుకుంటే పని తేలికవుతుంది. మనిషి ముఖం ఉంటే అన్నిటికన్నా ముందు అదే లాగుతుంది. చదవగలిగే అక్షరాలు కూడా దాదాపు అంత బలంగానే లాగుతాయి. ఆ తర్వాత చుట్టుపక్కల కన్నా బాగా వెలుగుగా ఉన్నది, చుట్టూ మసకగా ఉండి ఒకటే స్పష్టంగా కనిపించేది.

ఆరో ఫొటో పోయింది ఇక్కడే. సంచుల మీద అచ్చు వేసిన పెద్ద అక్షరాలున్నాయి, అవీ వేరే భాషలో. పక్కనే మన శీర్షిక పెడితే రెండు రాతలు ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. పైగా ప్రతి సంచీ ఒకే సైజు, ఒకే రంగు. చిన్నది చేసి చూస్తే గోధుమరంగు గోడలా ఉంది తప్ప, ఫలానా వస్తువు అని చెప్పలేం.

నాలుగో ఫొటోలో కేంద్రం ఉంది. కలుపు తీస్తున్నామె చీర ముదురు గులాబీ రంగు, చుట్టూ పచ్చదనం, ఎర్రమట్టి. ఎంత చిన్నది చేసినా ఆమే కనిపిస్తుంది. చిక్కేమిటంటే ఆమె ఫొటోకు ఎడమ అంచున ఉంది, చూపు కూడా ఎడమవైపే, అంటే ఫొటో బయటికి. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం. శీర్షిక ఎడమన, వస్తువు కుడిన ఉంటే కన్ను శీర్షిక మీద మొదలై వస్తువు దగ్గర ఆగుతుంది. ఇక్కడ శీర్షికను కుడికి మార్చినా, ఆమె చూపు చదివేవాడిని శీర్షిక నుంచి అవతలికి తీసుకుపోతుంది. మనుషులున్న ఫొటోల్లో చూపు శీర్షిక వైపు ఉండేలా చూసుకోవడం మంచిది.

"ఫొటోను అద్దంలోలా తిప్పేస్తే సరిపోతుంది కదా" అనిపిస్తుంది. తిప్పి చూడండి. పైట కుడి భుజం మీదికి వస్తుంది. మన దగ్గర మామూలుగా ఎడమ భుజం మీద వేసుకుంటారు. ఏం తేడా ఉందో చెప్పలేకపోయినా ఏదో తేడాగా ఉందని చూసేవాళ్లకు అనిపిస్తుంది. బోర్డులు, బండి నంబర్లు, చొక్కా గుండీలు, చేతి గడియారం ఉన్న ఫొటోలకూ ఇదే ఇబ్బంది. రాళ్లు, ఆకులు, ఒట్టి మట్టి మాత్రమే ఉన్నవాటిని నిశ్చింతగా తిప్పుకోవచ్చు.

నాలుగోదాన్ని పక్కన పెడదాం. ఒకటి, రెండు, మూడు మిగిలాయి. మూడింటిలోనూ కేంద్రం ఒక్కటే, మూడింటిలోనూ కుడివైపే ఉంది.

మూడో వడపోత: ఖాళీ అనిపించేదంతా ఖాళీ కాదు

శీర్షికకు కావాల్సిన చోటంటే వస్తువులు లేని చోటు మాత్రమే కాదు. అక్కడ వెలుగు కూడా ఒకేలా ఉండాలి, గీతలూ చుక్కలూ తక్కువగా ఉండాలి.

బీటల నేల ఫొటోను ఇందుకే ఉంచాను. ఎడమవైపు సగానికి పైగా ఖాళీ, వస్తువన్నదే లేదు. దాని మీద శీర్షిక పెట్టి చూడండి. చదవలేం. ఎందుకంటే బీటలు నల్లని గీతలు, వాటి మందం ఇంచుమించు మన అక్షరాల గీతంత ఉంది. అక్షరం సున్నా చుట్టుకుని తిరిగే చోట బీట ఒకటి అడ్డొస్తే, ఏది అక్షరం గీతో ఏది నేల గీతో కన్ను వేరు చేయలేదు. తెలుగులో వంపులు ఎక్కువ కాబట్టి ఈ బాధ ఇంకా ఎక్కువ. వెనకున్న గీతలు అక్షరం గీత కన్నా బాగా సన్నగా ఉంటే (దూరం నుంచి కనిపించే గడ్డిలా), లేదా బాగా పెద్దగా మసకగా ఉంటే (వెనక కొండలా) ఇబ్బంది ఉండదు. రెండూ ఒకే మందంలో ఉన్నప్పుడే గొడవ.

ఆకాశం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఖాళీ అనగానే ఆకాశం ఉన్న ఫొటోలు తెచ్చుకుంటాం. మన ఎండల్లో తీసిన ఫొటోల్లో ఆకాశం తెల్లగా తేలిపోతుంది. తెల్ల శీర్షిక దాంట్లో కలిసిపోతుంది. నల్ల శీర్షిక పెడితే చదవొచ్చు, కానీ కింద చేను చీకటిగా ఉంటే శీర్షిక కింది వరుస సగం ఆకాశం మీద, సగం చేను మీద పడుతుంది. వెలుగు, చీకటి కలిసే గీత శీర్షిక మధ్యలోంచి పోకుండా చూసుకోవాలి.

ఇప్పుడు రెండో ఫొటో, దోసిలి. ఎడమవైపు మసకగా కనిపించే ఎర్రమట్టి. గీతలు లేవు. కొలిచి చూద్దాం. రంగు చూపించే ఏ సాధనంతోనైనా మట్టి ముదురుగా ఉన్న చోట నొక్కితే `#8A4B2E` అని వచ్చింది. ఈ మట్టికీ దాని మీది తెల్ల అక్షరాలకూ మధ్య వెలుగు వ్యత్యాసం 6.7 : 1. పెద్ద అక్షరాలకు కనీసం 3 : 1, మామూలు సైజు అక్షరాలకు 4.5 : 1 ఉండాలన్నది వెబ్‌సైట్లకు పెట్టుకున్న ప్రమాణం. ముదురు చోట ఇబ్బంది లేదు. అయితే పైన ఒక మూల ఎండ పడి మట్టి లేతగా ఉంది, అక్కడ `#C98F6B`. వ్యత్యాసం 2.75 దగ్గరే ఆగింది, చాలదు. ఎప్పుడూ కొలవాల్సింది శీర్షిక వెనక అన్నిటికన్నా లేతగా ఉన్న చోటే, సగటు కాదు.

దీన్ని సరిచేయడం కష్టమేమీ కాదు. ఎడమవైపు పల్చటి నల్లపొర వేస్తే సరి.

```css
.header {
  background:
    linear-gradient(to right, rgba(0,0,0,.4) 45%, rgba(0,0,0,0) 65%),
    url(vittanam.webp) 65% 50% / cover;
}
```

45 శాతం వరకు, అంటే శీర్షిక ఉన్న మేర, పొర ఒకేలా ఉంటుంది. అక్కడి నుంచి 65 శాతానికి పోయేసరికి పూర్తిగా కరిగిపోతుంది. 40 శాతం నలుపుతో ఆ లేత మూల వ్యత్యాసం 6.5 దాకా పెరుగుతుంది. దోసిలి ఎడమ అంచు కొంచెం నల్లబడుతుంది, ఫర్వాలేదు. ఒక హద్దు మాత్రం పెట్టుకోండి. పొర 50 శాతం దాటితే తప్ప శీర్షిక కనిపించడం లేదంటే, ఆ ఫొటోను వదిలేయండి. సగం ఫొటోను నల్లగా కప్పేసే పనైతే దాన్ని ఎంచుకోవడమెందుకు?

మూడో ఫొటోకు ఈ కష్టం కూడా లేదు. లేత రంగు బల్ల, మసకబారిన వెనకభాగం, గిన్నె కుడివైపు మూడో వంతులో చక్కగా కూర్చుంది. ఏ పొరా లేకుండానే ముదురు అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. కేంద్రం, ఖాళీ, ఈ రెండే చూస్తే ఆరింటిలోకీ ఇదే మొదటిది.

నాలుగో వడపోత: ఫొటో ఏం చెబుతోంది?

మూడో ఫొటో పోయేది ఇక్కడే. గిన్నెలో పల్లీలు చూస్తే నోరూరుతుంది. "తిను" అని చెప్పే ఫొటో అది. వ్యాసమేమో విత్తనశుద్ధి గురించి, అంటే విత్తే ముందు గింజలకు మందు పట్టించడం గురించి. శిలీంధ్రనాశక మందు పట్టించిన గింజలను మనుషులు తినకూడదు, పశువులకూ పెట్టకూడదు. వ్యాసంలో ఆ హెచ్చరిక ఎలాగూ ఉంటుంది. లోపల "తినొద్దు" అని రాసి, పైన తినమనే ఫొటో పెడితే రెండూ ఎదురుబొదురు. చదవకుండా పైపైన చూసి పోయేవాళ్లే ఎక్కువ, వాళ్లకు మిగిలేది ఫొటో ఒక్కటే. ఇదే ఫొటో పల్లీ చట్నీ వ్యాసానికైతే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

భావం అనగానే సంతోషమా, విషాదమా అని ఆలోచిస్తాం. ఎలా చేయాలో చెప్పే వ్యాసాలకు అంతకన్నా ముందు చూడాల్సింది ఫొటోలో ఏ పని జరుగుతోంది, అది ఏ దశలోది అని. నాలుగో ఫొటోలో పని ఉంది, కానీ అది కలుపు తీత. విత్తిన చాలా రోజుల తర్వాతి పని. విత్తే ముందు చదివే రైతుకు "ఇది నా ఈ వారపు పని" అనిపించదు. కూర్పు సరిపోయి ఉన్నా ఇక్కడైనా అది ఆగిపోయేదే. బీటల నేలది ఇంకో తీరు. అది కరువు అంటోంది. వ్యాసం చదివే మనిషి వాన కోసం ఎదురుచూస్తూ విత్తనం సిద్ధం చేసుకుంటున్నాడు. అతనికి చూపించాల్సింది పోయిన పంట కాదు.

రెండో ఫొటోలో ఉన్నవి విత్తనం, చేతులు, మన నేల రంగు. దశ సరిపోయింది. పొద్దుటి ఎండ వెచ్చగా ఉంది, హడావుడి లేదు. అయినా ఇంకొకటి చూడాలి. మందు పట్టించిన విత్తనానికి సాధారణంగా గులాబీయో ఎరుపో రంగు అంటి ఉంటుంది. అలాంటి రంగు గింజలు ఒట్టి చేతుల్లో ఉన్న ఫొటో అయితే, ఎంత బాగున్నా వాడకూడదు. చేతులకు తొడుగులు వేసుకోమని చెప్పే వ్యాసం మీద ఒట్టి చేతుల ఫొటో ఉండకూడదు కదా. పెద్దది చేసి చూస్తే ఇవి మందు పట్టించని గింజలే, సహజమైన లేత రంగు పొట్టు. కాబట్టి కింద చిన్న అక్షరాలతో "శుద్ధికి ముందు ఏరిన విత్తనాలు" అని ఒక మాట రాస్తే అపార్థానికి తావుండదు.

భావం మీద మన అంచనా సరైనదో కాదో తెలుసుకోవడానికి ఒక మార్గముంది. శీర్షిక తీసేసి ఫొటో మాత్రమే ఇద్దరు ముగ్గురికి చూపించండి. డిజైన్ తెలిసినవాళ్లకు కాదు, వ్యాసం చదవాల్సిన మనుషులకు. "బాగుందా?" అని అడగకండి, మొహమాటానికి బాగుందనే అంటారు. "ఇది దేని గురించి అనుకుంటున్నావు?" అని అడగండి. దోసిలి ఫొటో చూసి "విత్తనం" అన్న మాట వస్తే చాలు. "ధర" అనో "అమ్మకం" అనో వస్తే మళ్లీ ఆలోచించాలి.

గెలిచిన ఫొటోను మూడు చట్రాల్లో పెట్టి చూడడం

రెండో ఫొటో 6000×4000, అంటే 3 : 2 నిష్పత్తి. 16 : 9 చట్రానికి పైనా కిందా కొంత కత్తిరిస్తే సరిపోతుంది, పక్కలు పోవు. కాబట్టి ఎడమవైపు ఖాళీ అలాగే ఉంటుంది. దోసిలి 800 నుంచి 1250 పిక్సెళ్ల మధ్య వచ్చింది, శీర్షిక చోటు 720 దగ్గర ముగుస్తుంది. రెండూ తగులుకోవు.

ఫేస్‌బుక్ లాంటి చోట్ల లింకు పంచుకున్నప్పుడు కనిపించే బొమ్మకు 1200×630 అని, దోసిలి మధ్యకు వచ్చేలా విడిగా కత్తిరించుకోవాలి. వాట్సాప్‌లో ఒక్కోసారి చిన్న చదరపు బొమ్మగా మాత్రమే కనిపిస్తుంది, మామూలుగా ఫొటో మధ్యభాగం. 1600×900లో మధ్య చదరం 350 నుంచి 1250 దాకా. మన దోసిలి అందులో సరిగ్గా ఇమిడింది. ఇంకో వంద పిక్సెళ్లు కుడికి ఉండి ఉంటే వేళ్లు తెగేవి. పల్లెల్లో లింకులు ఎక్కువగా తిరిగేది వాట్సాప్‌లోనే, అందుకే ఈ చదరాన్ని చివర్లో కాకుండా ఎంపికలోనే చూసుకోవడం మేలు.

ఫోన్‌లో మాత్రం ఫొటో మీద శీర్షిక పెట్టకండి. 360 పిక్సెళ్ల వెడల్పులో ఎంత మంచి ఖాళీ అయినా చాలదు. ఫొటో పైన, శీర్షిక దాని కింద తెల్లని చోట. పైన కోడ్‌లో ఉన్న `65% 50%` పక్కలు తెగిపోయినా దోసిలి కనిపించేలా చేస్తుంది. ఫోన్‌లో నల్లపొర అవసరం లేదు కాబట్టి తీసేయండి.

ఇక మిగిలినవి చిన్న పనులు. దింపుకునే ముందు ఆ ఫొటో పేజీలో లైసెన్సు చదవండి. వార్తలకు మాత్రమే అని ఉంటే మందుల దుకాణం ప్రకటన పక్కన పెట్టడం కుదరదు. 6000 పిక్సెళ్ల ఫైలును అలాగే ఎక్కించకుండా 1600కు తగ్గించి, వెబ్‌పీ రూపంలో 200 కిలోబైట్ల లోపు ఉండేలా చూడండి. చూపు లేనివాళ్ల కోసం రాసే వివరణలో "ఎర్రమట్టి నేల, దోసిలి నిండా వొలిచిన వేరుశనగ విత్తనాలు" అని కనిపించేదే రాయండి.

ఆరింటిలో ఒక్కటీ నెగ్గకపోతే? నాలుగో వడపోతలో తప్పిన దాన్ని ఎడిటింగ్‌తో బాగుచేయలేం, దాని మీద సమయం పెట్టకండి. మూడో వడపోతలో తప్పిన దాన్ని మాత్రం ఒక్కసారి ప్రయత్నించవచ్చు. శీర్షికను ఫొటో మీద నుంచి తీసి కింద పెడితే ఖాళీతో పనే ఉండదు. అదీ కుదరకపోతే ఫోన్ తీసుకుని చేనికి పోండి. పొద్దున ఏడు గంటలలోపు, గోనెసంచి మీద పరిచిన విత్తనాలు, పక్కన ఒక మనిషి చేతులు. ఫోన్‌ను అడ్డంగా పట్టుకుని, చేతులు చట్రానికి కుడి సగంలో ఉండేలా, ఎడమవైపు ఒట్టి నేల మాత్రమే వచ్చేలా, ఒక అడుగు వెనక్కి జరిగి తీయండి. దగ్గరగా తీస్తే తర్వాత ఖాళీని పుట్టించలేం, దూరంగా తీసినదాన్ని ఎప్పుడైనా కత్తిరించుకోవచ్చు.